ఇంటి అప్పు, సర్కారు అప్పు ఒకటేనా? ఎల్లంతకుంట నుంచి ద్రవ్య లోటు లెక్క

రాజన్న సిరిసిల్ల జిల్లా ఎల్లంతకుంట మండలంలో రెండు రకాల అప్పులు కళ్ల ముందే కనిపిస్తాయి. ఒకటి ఇంటి అప్పు. పొదుపు సంఘంలో తీసుకున్నది, ఫైనాన్స్ వాళ్ల దగ్గర తెచ్చింది, బంగారం కుదువపెట్టి తెచ్చింది, రోజువారీ గిరిగిరి. రెండోది అనంతగిరి దగ్గరున్న జలాశయం. మధ్యమానేరు నుంచి వచ్చే నీళ్లను తిప్పాపూర్ దగ్గర ఎత్తిపోసి మూడున్నర టీఎంసీలు నిలబెట్టే ఈ జలాశయం కాళేశ్వరం ప్రాజెక్టులో భాగం. అనంతగిరి ఊరు ముంపుకు పోయింది. కట్టినదాంట్లో ఎక్కువ భాగం అప్పు తెచ్చిన పైసలే.

ఈ రెండు అప్పులనూ ఒకే గాటన కట్టే మాట మనం రోజూ వింటున్నాం. "ఇల్లు నడిపినట్టే రాష్ట్రాన్ని నడపాలి, సంపాదనకు మించి ఖర్చు పెడితే దివాళా తీస్తాం" అని టీవీ చర్చల్లో అంటారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు అడిగినా, ఎస్సీ ప్రత్యేక అభివృద్ధి నిధి సంగతి అడిగినా చివరికి వచ్చే జవాబు ఇదే: ఖజానాలో పైసలు లేవు, రాష్ట్రం అప్పుల్లో ఉంది. ఈ జవాబులో ఎంత నిజముంది, ఎంత లేదు అన్నది తేల్చుకోవాలంటే ముందు ద్రవ్య లోటు అనే మాటకు అర్థం తెలియాలి. లేకపోతే జవాబు విని తిరిగి రావడమే మన పని అవుతుంది.

ద్రవ్య లోటు అంటే ఏమిటి

ఒక ఏడాదిలో ప్రభుత్వం పెట్టే ఖర్చులోంచి, అప్పు కాకుండా వచ్చే రాబడిని తీసేస్తే మిగిలేదే ద్రవ్య లోటు. అప్పు కాకుండా వచ్చే రాబడి అంటే పన్నులు, కేంద్ర పన్నుల్లో వాటా, గ్రాంట్లు, ఫీజులు, ఇదివరకు ఇతరులకు ఇచ్చిన అప్పులు తిరిగి వసూలైనవి, ఆస్తులు అమ్మగా వచ్చినవి. ఖర్చు వైపు పాత అప్పు అసలు తీర్చడానికి కట్టేది లెక్కలోకి రాదు. వడ్డీ మాత్రం వస్తుంది. అంటే ఆ ఏడాది కొత్తగా నికరంగా ఎంత అప్పు పెరగబోతోందో చెప్పే అంకె ఇది.

తెలంగాణ 2025-26 బడ్జెట్ అంచనాలను తీసుకుందాం. మొత్తం బడ్జెట్ 3,04,965 కోట్ల రూపాయలు. ఇందులో జీతాలు, పింఛన్లు, వడ్డీలు, పథకాలు వంటి రెవెన్యూ ఖర్చు 2,26,982 కోట్లు. రెవెన్యూ రాబడి దీనికంటే 2,738 కోట్లు ఎక్కువ ఉంటుందని చూపించారు. అంటే రోజువారీ ఖర్చు వరకు కాగితం మీద మిగులే. ఆ పైన రోడ్లు, భవనాలు, కాలువల వంటి పెట్టుబడి ఖర్చు 36,504 కోట్లు. ఇది కాక కార్పొరేషన్లకూ ఇతరులకూ ప్రభుత్వం తానే ఇచ్చే అప్పులు కూడా ఉంటాయి. ఇవన్నీ కలిపి, మిగులును తీసేస్తే, 54,009 కోట్లు తక్కువపడతాయి. అదే ఆ ఏడాది ద్రవ్య లోటు అంచనా. రాష్ట్రంలో ఏడాదికి తయారయ్యే మొత్తం సంపదలో, అంటే జీఎస్‌డీపీలో, ఇది దాదాపు మూడు శాతం.

ఇక్కడ రెండు మాటల్ని కలపకూడదు. లోటు వేరు, అప్పు వేరు. చెరువును ఊహించుకోండి. ఈ ఏడాది వానకు వచ్చి చేరిన నీళ్లు లోటు అయితే, ఇప్పుడు చెరువులో నిలిచి ఉన్న మొత్తం నీళ్లు అప్పు. లోటు తగ్గిందంటే అప్పు తగ్గిందని కాదు. అప్పు పెరిగే వేగం తగ్గిందని మాత్రమే.

ఇంటి లెక్క ఎక్కడ తప్పుతుంది

ఇంట్లో అప్పు తెచ్చేటప్పుడు మనం మూడు విషయాలు చూస్తాం. సంపాదన ఎంత, మిత్తి ఎంత, ఎన్నేళ్లలో తీరుతుంది. కూలి ఎంతో మనం నిర్ణయించలేం. చేయగలిగిన వయసు అయిపోయేలోపు అప్పు తీరాలి, లేకుంటే బిడ్డల నెత్తిన పడుతుంది. మనం పెట్టిన ఖర్చు తిరిగి మన సంపాదన కాదు. కిరాణంలో ఇచ్చిన వంద రూపాయలు మళ్లీ మన జేబులోకి రావు.

ప్రభుత్వం విషయంలో ఈ మూడూ మారిపోతాయి. మొదటిది, తన రాబడిని కొంత మేరకు తానే నిర్ణయించుకుంటుంది. పన్ను రేట్లు, భూముల రిజిస్ట్రేషన్ ఛార్జీలు, మద్యం మీద సుంకం, ఇవి దాని చేతిలో ఉంటాయి. రెండోది, ప్రభుత్వానికి రిటైర్‌మెంట్ లేదు. పాత బాండు గడువు తీరితే కొత్త బాండు అమ్మి దాన్ని తీరుస్తుంది. మూడోది అన్నింటికంటే ముఖ్యం. ప్రభుత్వం పెట్టే ఖర్చు జనంలో ఎవరో ఒకరి సంపాదన. ఆ సంపాదనలో కొంత భాగం తిరిగి పన్నుగా ఖజానాకు చేరుతుంది.

దీనికి ఎల్లంతకుంటకు పక్కనే సిరిసిల్లలో ఉదాహరణ ఉంది. 2017లో మొదలైన బతుకమ్మ చీరల పథకంలో దాదాపు కోటి చీరలు పంచాలి. మొదటి ఏడాది సిరిసిల్ల సాంచాలు అన్నింటినీ సకాలంలో నేయలేవన్న కారణంతో కొన్ని చీరలు సూరత్ నుంచి తెప్పించారు. తర్వాతి ఏళ్లలో ఆర్డరు సిరిసిల్లకు వచ్చింది. ప్రభుత్వం కొన్న చీర ఒకటే అయినా, రెండు సందర్భాల్లోనూ పైసలు నడిచిన దారి వేరు.

ఒక చీరకు ప్రభుత్వం వంద రూపాయలు కట్టిందనుకుందాం. సూరత్ చీరైతే ఆ వందలో రాష్ట్రంలో ఉండేది రవాణా, పంపిణీ ఖర్చు మాత్రమే. సిరిసిల్ల చీరైతే నూలు కొన్న పైసలు చాలావరకు బయటికి పోతాయి, కానీ ఆసామికి, సాంచాల మీద పనిచేసే కార్మికునికి, వార్పిన్ పనివాళ్లకు, వైపని వాళ్లకు కూలి దక్కుతుంది. ఆ కూలితో వాళ్లు బియ్యం, నూనె, పిల్లల చెప్పులు కొంటారు. కిరాణం ఆయన సంపాదన పెరుగుతుంది. చాలా కొనుగోళ్లలో జీఎస్టీ ఉంటుంది. అందులో రాష్ట్రం వాటా ఖజానాకు తిరిగి వస్తుంది. వందకు వంద రాదు. కానీ ఇంటి ఖర్చులాగా సున్నా కూడా కాదు.

దీన్ని తలకిందులు చేసి చూస్తే ఇంటి పోలిక ఎందుకు ప్రమాదకరమో తెలుస్తుంది. కరువు వచ్చినప్పుడు ఇల్లు ఖర్చు తగ్గించుకోవడం తెలివైన పని. అదే సమయంలో ప్రభుత్వం కూడా ఖర్చు తగ్గిస్తే, జనం సంపాదన ఇంకా పడిపోతుంది, పన్నులు పడిపోతాయి, తగ్గించాలనుకున్న లోటే పెరుగుతుంది. సిరిసిల్లలో 2024 మొదట్లో ప్రభుత్వ ఆర్డర్లు లేక, పాత బిల్లులు రాక సాంచాలు ఆగినప్పుడు ఏమైందో ఆ పట్టణంలో ఎవరిని అడిగినా చెబుతారు. కొవిడ్ ఏడాది 2020-21లో కేంద్ర ప్రభుత్వ ద్రవ్య లోటు జీడీపీలో 9.2 శాతానికి పోయింది. లాక్‌డౌన్‌లో రాబడి పడిపోయి, రేషన్ బియ్యం, ఉపాధి హామీ ఖర్చు పెరిగితే లోటు పెరగడం మామూలే. ఆ ఏడాది ఇంటి లెక్క పాటించి ఉంటే ఆకలి ఇంకా ఎక్కువగా ఉండేది.

అప్పు తీరకుండానే భారం తగ్గుతుందా

"తీర్చకుండా ఎన్నాళ్లు తిప్పుతారు?" అన్న ప్రశ్న సహజం. చిన్న లెక్కతో చూద్దాం. ఒక రాష్ట్రంలో ఏడాది ఉత్పత్తి 100 రూపాయలు, పేరుకున్న అప్పు 30 రూపాయలు అనుకోండి. అప్పు ఉత్పత్తిలో 30 శాతం. ఈ ఏడాది కొత్తగా 3 రూపాయలు అప్పు చేసింది. మొత్తం అప్పు 33 అయింది. అదే సమయంలో ధరల పెరుగుదలతో కలిపి ఉత్పత్తి 10 శాతం పెరిగి 110 అయింది. ఇప్పుడు 110లో 33 అంటే మళ్లీ 30 శాతమే. ఒక్క రూపాయి తీర్చలేదు, అప్పు పెరిగింది, కానీ భారం పెరగలేదు.

ఇప్పుడు ఉత్పత్తి 10 శాతం బదులు 4 శాతమే పెరిగిందనుకోండి. 104లో 33 అంటే దాదాపు 32 శాతం. అదే మూడు రూపాయల లోటు ఇప్పుడు భారాన్ని పెంచింది. కాబట్టి లోటు మంచిదా చెడ్డదా అన్నది ఒక్క అంకెతో తేలదు. తెచ్చిన పైసలు ఉత్పత్తిని, జనం సంపాదనను పెంచాయా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

ఈ లెక్కలో ఇంకో సంగతి దాగి ఉంది. 30 రూపాయల పాత అప్పుకు ఏడున్నర శాతం వడ్డీ అంటే 2 రూపాయల 25 పైసలు. ఏడాదిలో తెచ్చిన 3 రూపాయల్లో 2 రూపాయల 25 పైసలు పాత అప్పుల వడ్డీకే సరిపోతే, బడికీ ఆసుపత్రికీ కొత్తగా మిగిలింది 75 పైసలే. అందుకే లోటులోంచి వడ్డీని తీసేసి కూడా చూస్తారు. దాన్ని ప్రాథమిక లోటు అంటారు. ద్రవ్య లోటు పెద్దగా, ప్రాథమిక లోటు చిన్నగా కనిపిస్తే, ఈ తరం పాత తరం చేసిన అప్పుకు వడ్డీ కడుతోందని అర్థం.

కానీ తెలంగాణ ఢిల్లీ కాదు

ఇంటి పోలిక తప్పని చెప్పేవాళ్లు కొందరు ఇంకో చివరికి పోతారు. ప్రభుత్వం నోట్లు అచ్చు వేసుకోగలదు కాబట్టి అప్పు గురించి దిగులే అక్కర్లేదంటారు. రాష్ట్రం విషయంలో ఇది పొరపాటు.

రూపాయి కేంద్రం చేతిలో ఉంది. కేంద్రం అప్పులో చాలా భాగం రూపాయల్లోనే ఉంటుంది. 2003 నాటి ద్రవ్య బాధ్యత చట్టం ప్రకారం 2006 ఏప్రిల్ నుంచి రిజర్వ్ బ్యాంకు మామూలు పరిస్థితుల్లో కేంద్ర బాండ్లను నేరుగా కొనకూడదు. కానీ మార్కెట్‌లో ఇతరుల చేతుల్లో ఉన్న బాండ్లను కొనగలదు, 2021లో కొన్నది కూడా. అంటే తన సొంత కరెన్సీలో చేసిన అప్పుకు కేంద్రం చేతులెత్తేయాల్సిన అవసరం దాదాపు రాదు. దానికి హద్దు వేరేచోట ఉంది. దేశంలో సరుకు, శ్రమ ఉన్నదానికి మించి పైసలు కుమ్మరిస్తే ధరలు పెరుగుతాయి. ఆ దెబ్బ ముందు తగిలేది జీతం పెరగని కూలీకే.

తెలంగాణకు ఈ వెసులుబాటు లేదు. రాజ్యాంగం 293వ అధికరణం ప్రకారం, కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కేంద్రం అనుమతి లేకుండా కొత్త అప్పు చేయకూడదు. ఏటా కేంద్రం ఒక పరిమితి పెడుతుంది. ఆ లోపల రాష్ట్రం తన బాండ్లను రిజర్వ్ బ్యాంకు ద్వారా, మామూలుగా మంగళవారాల్లో, వేలం వేస్తుంది. బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రావిడెంట్ ఫండ్లు వాటిని కొంటాయి. చేబదులుగా రిజర్వ్ బ్యాంకు కొంత ఇస్తుంది కానీ, ఓవర్‌డ్రాఫ్టులో వరుసగా ఎక్కువ రోజులు ఉంటే రాష్ట్రం తరఫున చెల్లింపులు ఆపేస్తుంది.

కాబట్టి రాష్ట్రం ఇల్లూ కాదు, కేంద్రమూ కాదు. పన్ను వేసే అధికారం, అంతం లేని ఆయుష్షు ఉన్నాయి కాబట్టి ఇంటికంటే నయం. కరెన్సీ తనది కాదు, అప్పు పరిమితి తనది కాదు కాబట్టి కేంద్రంకంటే తక్కువ. ఈ మధ్యస్థ స్థితిని అర్థం చేసుకుంటేనే తర్వాతి కథ అర్థమవుతుంది.

అనంతగిరి నీళ్లలో కనిపించని అప్పు

పరిమితి ఉన్నచోట దాన్ని తప్పించుకునే దారి కూడా వెతుకుతారు. రాష్ట్రం నేరుగా అప్పు చేస్తే ద్రవ్య లోటులో కనిపిస్తుంది. అదే ఒక కార్పొరేషన్ పెట్టి, దాని పేరున అప్పు చేసి, రాష్ట్రం హామీ సంతకం చేస్తే ఆ ఏడాది లోటులో కనిపించదు. దీన్ని బడ్జెట్ బయటి అప్పు అంటారు.

కాళేశ్వరం ఇరిగేషన్ ప్రాజెక్టు కార్పొరేషన్ లిమిటెడ్ అలా పుట్టింది. 2024 ఫిబ్రవరిలో అసెంబ్లీ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక ప్రకారం ఈ కార్పొరేషన్ బ్యాంకులు, ఆర్థిక సంస్థలతో కుదుర్చుకున్న అప్పుల ఒప్పందాల విలువ 87,449 కోట్లు. ప్రాజెక్టుకు 81,911 కోట్లు అవుతుందని కేంద్ర జల సంఘానికి చెప్పగా, అది 1,47,427 కోట్లు దాటవచ్చని కాగ్ లెక్కగట్టింది. పెట్టే ప్రతి రూపాయికి రూపాయిన్నర ప్రయోజనం వస్తుందని ప్రభుత్వం చెప్పిన చోట, తిరిగి లెక్కిస్తే రూపాయికి రూపాయి కూడా రావడం లేదని తేల్చింది. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి.

ఇంటి అప్పుతో పోల్చాల్సింది సరిగ్గా ఇక్కడే. ఆటో కొనడానికి అప్పు చేస్తే ఆటో తిరిగి కిస్తీ కట్టాలి. ఈ కార్పొరేషన్‌కు చెప్పుకోదగ్గ సొంత రాబడి లేదు. రైతు దగ్గర నీటి ఛార్జీ వసూలు చేసి వేల కోట్ల కిస్తీలు కట్టడం జరిగే పని కాదు. కాబట్టి అసలూ వడ్డీ చివరికి రాష్ట్ర బడ్జెట్ నుంచే పోతాయి. పైగా ఇలాంటి సంస్థల నుంచి తెచ్చే అప్పుకు, రాష్ట్రం నేరుగా వేలంలో తెచ్చే అప్పుకంటే వడ్డీ ఎక్కువ. లోటు అంకెను అందంగా ఉంచడం కోసం ఎక్కువ వడ్డీ కట్టినట్టయింది.

2022 మార్చిలో కేంద్రం రాష్ట్రాలకు రాసిన లేఖలో, బడ్జెట్ నుంచి తీర్చే కార్పొరేషన్ అప్పులను రాష్ట్రం సొంత అప్పుగానే లెక్కిస్తామని చెప్పింది. అప్పు పరిమితిలో ఆ మేరకు కోత పడింది. ఇది సమాఖ్య స్ఫూర్తికి విరుద్ధమని తెలంగాణ అభ్యంతరం చెప్పింది. కేరళ సుప్రీంకోర్టుకు పోయింది. 2024 ఏప్రిల్‌లో ఆ కేసును రాజ్యాంగ ధర్మాసనానికి పంపారు. రాష్ట్రాల వాదనలో బలం ఉంది, కేంద్రం తన సంస్థల అప్పుల విషయంలో ఎప్పుడూ ఇంత కచ్చితంగా లేదు. కానీ దాచిన అప్పు దాచినట్టే ఉండాలన్న వాదన మనది కాకూడదు.

2023 డిసెంబరులో కొత్త ప్రభుత్వం పెట్టిన శ్వేతపత్రం మొత్తం 6,71,757 కోట్ల అప్పు చూపించింది. అందులో బడ్జెట్ అప్పు 3,89,673 కోట్లు. హామీ ఇచ్చి ప్రభుత్వమే తీరుస్తున్న కార్పొరేషన్ అప్పు 1,27,208 కోట్లు. మిగతాది కార్పొరేషన్లు తామే తీర్చాల్సినవి, హామీ లేనివి. వాటిని కలిపి చెప్పడం తప్పని అంతకుముందు అధికారంలో ఉన్న పక్షం వాదించింది. ఎవరి అంకె తీసుకున్నా, ఎవరు తీరుస్తున్నారు అన్న ప్రశ్న అడిగితే సగం గందరగోళం పోతుంది.

అంకెల్లోకి రాని ఇంకో అప్పు

ప్రభుత్వ లెక్కలు నగదు పద్ధతిలో ఉంటాయి. పైసలు చేతులు మారినప్పుడే ఖర్చు రాస్తారు. అంటే ఇవ్వాల్సినది ఇవ్వకపోతే లోటు తగ్గినట్టు కనిపిస్తుంది.

ఒక ఎస్సీ విద్యార్థి డిగ్రీ మూడేళ్లు చదివాడు, అతని ఫీజు ప్రభుత్వం కట్టాలి. కట్టలేదు. కాలేజీ సర్టిఫికెట్లు ఆపింది. పీజీ సీటు పోతుందని తల్లి సంఘంలోనో ఫైనాన్స్‌లోనో అప్పు తెచ్చి కట్టింది. ఇప్పుడు లెక్క చూడండి. ప్రభుత్వ లోటులో ఈ పైసలు లేవు. ద్రవ్య లోటు ఆ మేరకు తగ్గింది. ఆ అప్పు ఆ ఇంటికి మారింది. రాష్ట్రం తన పేరున తెస్తే ఏడు, ఏడున్నర శాతానికి వచ్చే అప్పును, ఆమె నూటికి రెండు రూపాయల మిత్తికి, అంటే ఏడాదికి 24 శాతానికి, మోస్తోంది. చీరల బిల్లులు ఆగినప్పుడు ఆసామి చేసిందీ ఇదే.

ఇంటి అప్పుకూ సర్కారు అప్పుకూ ఉన్న తేడాను మరిచిపోతే జరిగే నష్టం ఇది. చౌకగా, దీర్ఘకాలానికి అప్పు చేయగలిగిన ప్రభుత్వం తప్పుకుంటే, ఆ బరువు ఖరీదుగా, కొద్దికాలానికి మాత్రమే అప్పు దొరికే ఇంటి మీద పడుతుంది. మొత్తం సమాజం అప్పు తగ్గలేదు. మోసేవాళ్లు మారారు.

ముందు ఎవరికి, చివర ఎవరికి

రాజ్యాంగం 202వ అధికరణం ప్రకారం రాష్ట్రం కట్టాల్సిన వడ్డీ, అసలు నేరుగా సంచిత నిధి మీద పడే ఖర్చు. అసెంబ్లీలో చర్చించవచ్చు కానీ ఓటింగ్ ఉండదు. వడ్డీ కట్టాలా వద్దా అని శాసనసభ్యులను అడగరు. బాండు కొన్నవాడికి ఈ భద్రత ఉంది కాబట్టే రాష్ట్రానికి తక్కువ వడ్డీకి అప్పు దొరుకుతుంది.

ఎస్సీ ప్రత్యేక అభివృద్ధి నిధికి అలాంటి భద్రత లేదు. దానికీ 2017 నాటి చట్టం ఉంది. జనాభాలో ఎస్సీల వాటా ప్రకారం కేటాయించాలి, ఖర్చు కానిదాన్ని మరుసటి ఏడాదికి కలపాలి అని ఆ చట్టం చెబుతుంది. కానీ కేటాయింపు వేరు, విడుదల వేరు. 2023-24 బడ్జెట్‌లో దళితబంధుకు 17,700 కోట్లు చూపించారు, అందులో చాలా భాగం ఖర్చే కాలేదు. 2025-26లో ఎస్సీల సంక్షేమానికి 40,232 కోట్లు కేటాయించారు. ఏడాది మధ్యలో రాబడి తగ్గితే ముందు వడ్డీ పోతుంది, తర్వాత జీతాలు, పింఛన్లు. ఆపితే వెంటనే ఎవరూ కోర్టుకు పోరని అనుకున్న పద్దులు చివరికి మిగులుతాయి. మన పద్దులు చాలాసార్లు ఆ చివరి వరుసలోనే ఉన్నాయి.

"ప్రభుత్వ అప్పు అంటే మనకు మనమే బాకీ" అని ఆర్థికవేత్తలు అనే మాటను కూడా ఇక్కడే పరీక్షించాలి. బాండ్లు కొనేది బ్యాంకులు, బీమా సంస్థలు. వాటి వెనక ఉన్నది పొదుపు చేయగలిగినవాళ్ల పైసలు. వడ్డీ కట్టడానికి వాడే పన్నులో సబ్బు మీద, చెప్పుల మీద కూలీ కట్టిన జీఎస్టీ ఉంది. దేశం మొత్తంగా చూస్తే మనకు మనమే బాకీ. ఇంటింటికీ చూస్తే కట్టేవాళ్లూ అందుకునేవాళ్లూ ఒకటి కాదు. అందుకే అప్పుతో ఏమి కట్టారు, అది ఎవరికి చేరింది అన్న ప్రశ్న దళితులకు అందరికంటే ఎక్కువ అవసరం.

ఇది కొత్త ప్రశ్న కాదు. బ్రిటిష్ ఇండియాలో కేంద్రానికీ ప్రావిన్సులకూ మధ్య ఆర్థిక సంబంధాల మీద 1925లో పుస్తకం అచ్చు వేసింది అంబేడ్కరే. రాజ్యాంగ సభలో 292వ అధికరణం మీద మాట్లాడుతూ, కేంద్రం చేసే అప్పుకు పార్లమెంటు చట్టంతో హద్దు పెడుతుందన్న ఆశను ఆయన వ్యక్తం చేశారు. అప్పు వద్దని కాదు. ప్రజాప్రతినిధులకు తెలియకుండా, వాళ్లను దాటి అప్పు జరగకూడదని.

ఏ కాగితం చూడాలి

బడ్జెట్ వచ్చిన రోజు పత్రికల్లో కనిపించేది అంచనా మాత్రమే. అదే పద్దుకు మరుసటి ఏడాది సవరించిన అంచనా, ఆ తర్వాతి ఏడాది వాస్తవ ఖర్చు బడ్జెట్ పుస్తకాల్లో పక్కపక్కనే ఉంటాయి. ప్రత్యేక అభివృద్ధి నిధి పద్దులను ఈ మూడు అంకెలతో వరుసగా నాలుగేళ్లు రాసుకుంటే, లోటు తగ్గించడానికి ఎవరి ఖర్చు ఆపారో తెలుస్తుంది. కాగ్ ప్రతి నెలా రాష్ట్ర ఖాతాల ముఖ్యాంకెలు పెడుతుంది. అందులో ఆ నెల వరకు రాబడి, వడ్డీ, పెట్టుబడి ఖర్చు, ద్రవ్య లోటు ఉంటాయి. ఆర్నెల్లు గడిచినా పెట్టుబడి ఖర్చు అంచనాలో పావు వంతు దగ్గరే ఉండి, అప్పు మాత్రం ఏడాది లెక్కకు దగ్గర పడితే, ఆ అప్పు ఆస్తులు కట్టడానికి పోవడం లేదని అర్థం.

హామీల వివరం బడ్జెట్ పత్రాల్లోనే వేరే పట్టికగా ఉంటుంది. బకాయిలకు మాత్రం పట్టిక లేదు. ఒక్కో జిల్లాలో ఎంతమంది ఎస్సీ విద్యార్థులకు ఏ ఏడాది నుంచి ఎంత ఫీజు రావాలి అన్నది సమాచార హక్కు కింద అడిగి రాయించుకోవాల్సిందే. ఆ మొత్తాన్ని లోటు పక్కన పెట్టి చదవాలి.

ఈసారి ఎవరైనా ఖజానాలో పైసలు లేవని చెబితే, ఎన్ని కోట్ల లోటు అని అడిగి ఊరుకోవద్దు. ఆ లోటు ఏ ఖర్చుకు వచ్చింది, బడ్జెట్ బయట ఎంత ఉంది, దాన్ని తగ్గించి చూపడానికి ఎవరి బిల్లులు ఆగాయి అని కూడా అడగాలి. అనంతగిరి జలాశయం అప్పు అంకెల్లో కనిపించకపోయినా రాష్ట్రం కడుతూనే ఉంది. సర్టిఫికెట్ కోసం తల్లి తెచ్చిన అప్పు ఏ అంకెలోనూ లేదు, దాన్ని ఆమె ఒక్కతే కడుతోంది.